పాసైన లివరు

మా అన్నయ్యని ఫ్యాక్టరీలో అందరూ రిజెక్టు మామ అనేవారు. మొహం మీద కాదు, వెనకాల. తనకి తెలియదని వాళ్లనుకునేవారు. తెలిసీ ఊరుకునేవాడు. పైగా ఇంటికొచ్చి మా వదినకి చెప్పి మురిసిపోయేవాడు కూడా.

నీళ్ల పంపుల్లో బిగించే ఇత్తడి బుష్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. లేత్ మిషన్ల మీద తయారైన ప్రతి బుష్షూ చివరికి మా అన్నయ్య బల్ల దగ్గరికి రావాలి. తన చేతిలో గేజి అనే ఉక్కు కడ్డీ ఉండేది. దానికి రెండు కొసలు. మొదటి కొస బుష్షు రంధ్రంలో దూరాలి, రెండోది దూరకూడదు. మొదటిది దూరకపోతే రంధ్రం చిన్నదని, రెండోది కూడా దూరితే పెద్దదని అర్థం. రెండింట్లో ఏది జరిగినా బుష్షు వెళ్లి పక్కనున్న ఎర్ర డబ్బాలో పడేది. "వెంట్రుక వాసి తేడా కదా మామా, పోనియ్యి" అని మిషన్ల దగ్గరి కుర్రాళ్లు గడ్డం పట్టుకుని బతిమాలినా వినేవాడు కాదు. "కొంచెం అనేది నాకు తెలుసురా, గేజికి తెలీదు" అనేవాడు. ముప్ఫయ్యేళ్లకి పైగా ఆ ఒక్క మాట మీదే బతికాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంట్లోనూ అదే వరస. తలుపు గొళ్లెం కిర్రుమంటే ఫెయిలు. గోడ గడియారం వెనకబడితే ఫెయిలు. నేను దర్జీని, మా వీధి చివర చిన్న కొట్టు నాది. అన్నయ్యకి చొక్కా కుడితే రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి పొడవు చూసేవాడు. "నూలు పోగంత తేడా ఉందే" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "మనిషికి చేతులే సమానంగా ఉండవు, చొక్కాకి ఎందుకుంటాయి? వదులు లేకుండా కుడితే ఊపిరెలా పీలుస్తావు?" అని నేను అరిస్తే, "నీది పని కాదే, అందాజా" అని నవ్వి, ఆ చొక్కానే చిరిగేదాకా తొడిగేవాడు. నేను కుట్టని చొక్కా తను వేసుకున్నట్టు నాకు గుర్తులేదు.

ఇంత గట్టి మనిషికీ ఒక మాటంటే హడల్. లివరు. మా నాన్న దాంతోనే పోయాడు. తాగి తాగి పోయాడు. నేనప్పటికి పసిదాన్ని, నాకేమీ గుర్తులేదు. అన్నయ్యకి బాగా గుర్తు. నాన్న కళ్లు పచ్చగా మారడం, పొట్ట ఉబ్బడం, చివర్లో మమ్మల్ని గుర్తుపట్టకపోవడం అన్నీ దగ్గరుండి చూశాడు. అమ్మకి కూలి పని, నాన్నకి కాపలా తను. అందుకే మా అన్నయ్య జన్మలో చుక్క ముట్టలేదు. అద్దంలో మొహం చూసుకుంటే ముందు కింది రెప్ప లాగి కళ్లు చూసుకునేవాడు. అది కూడా మాకు నవ్వులాటే అయింది. "పాసా?" అని వదిన వంటింట్లోంచి అడిగేది. "పాస్" అనేవాడు తను.

వాళ్లకి పిల్లలు లేరు. ఒకరికొకరే పిల్లలు. వదినకి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. తన మాత్రలు తను మర్చిపోయేది కానీ ఎదుటి మనిషి మాత్రలు గడియారంలా గుర్తుపెట్టుకునేది. అలాంటావిడ చేతికి అన్నయ్య కూడా రోగిగా చిక్కాడు.

ఫ్యాక్టరీ మెట్లెక్కుతుంటే గుండెలో బిగబట్టినట్టయి కూలబడ్డాడు. మోసుకెళ్లారు. గుండెకి పోయే ఒక రక్తనాళం పూడుకుపోయిందని తేలింది, స్టెంటు వేశారు. మనిషి నిలబడ్డాడు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన మాత్రల్లో ఒకటి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్. అదే రకం మాత్ర, కొంచెం తక్కువ డోసు, షుగరు ఉందని వదినకి అంతకుముందు నుంచే ఉంది. ఇద్దరికీ ఒకే మాత్ర కుదిరిందని వదినకి అదొక ముచ్చట. పొద్దున టిఫినవగానే తన అరచేతిలో ఒకటి, అన్నయ్య అరచేతిలో ఒకటి పెట్టేది. ఇద్దరూ ఒకేసారి నీళ్లు తాగేవాళ్లు. కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూడా ఇంత కలిసి తాగరని నేను ఏడిపించేదాన్ని.

మాత్ర మొదలుపెట్టకముందే లివరు పరీక్ష చేశారు. దాన్ని ఎస్‌జీపీటీ అంటారు. నలభై లోపుండాలని పక్కనే అచ్చువేసి ఉంటుంది. అన్నయ్యకి ముప్ఫై నాలుగు. మూణ్ణెల్ల తర్వాత మళ్లీ చేయిస్తే ఎనభై రెండు వచ్చింది. అంకె లావుపాటి అక్షరాల్లో ఉంది, పక్కన పైకి చూసే బాణం గుర్తు.

ల్యాబు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. వదినకి మోకాళ్లు సహకరించవని ఆస్పత్రి పనులకి నేనే తోడు వెళ్లేదాన్ని. "నలభై లోపుండాల్సింది ఎనభై రెండొచ్చిందే" అన్నాడు. "రెట్టింపు దాటిందే. రిజెక్టు."

గుండె డాక్టరు వయసులో చిన్నదే కానీ ఓపిక ఉన్న మనిషి. బయట జనం కిక్కిరిసి ఉన్నా, కాగితం పక్కన పెట్టి అన్నయ్య వైపు తిరిగింది.

"కళ్లు చూపించండి. ఆకలి బాగానే ఉందా? వాంతులు, వికారం?"

"లేవండీ."

"మూత్రం ముదురు రంగులో వస్తోందా? ఒళ్లు దురద? కుడివైపు పక్కటెముకల కింద నొప్పి? ఎప్పుడూ లేనంత నీరసం?"

"అవేమీ లేవండీ. కానీ ఎనభై రెండండీ."

"చూశాను. స్టాటిన్ మొదలుపెట్టిన కొన్ని నెలల్లో కొంతమందికి ఇలా కాస్త పెరుగుతుంది. చాలామందికి మాత్ర వాడుతుండగానే దానంతటదే దిగుతుంది. మేం కంగారుపడే గీత నలభై కాదు. దానికి మూడు రెట్లు, అంటే నూట ఇరవై. అదీ ఒక్కసారి వస్తే సరిపోదు, మళ్లీ చేసినా అలాగే ఉండాలి. దాంతోపాటు కళ్లని పచ్చబరిచే బిలిరుబిన్ పెరిగినా, నేనిప్పుడు అడిగిన లక్షణాల్లో ఏదైనా కనబడినా అప్పుడు వెంటనే మాత్ర ఆపేసి అసలు కారణం వెతుకుతాం. మీ బిలిరుబిన్ సున్నా పాయింట్ ఏడు. శుభ్రంగా ఉంది."

"అయితే ఈ నలభై ఎందుకు అచ్చేశారండీ?" అన్నాడు అన్నయ్య. వాదన కాదు, పాపం నిజంగానే అర్థంకాక అడిగాడు.

"ఆరోగ్యంగా ఉన్న ఎక్కువమందికి ఆ లోపు ఉంటుంది, అంతే. దాటితే లివరు పాడైపోయిందని కాదు. కొంచెం కొవ్వు పట్టినా దాటుతుంది, వేరే మందులకీ దాటుతుంది." ఆవిడ ఇంకో అంకె మీద వేలు పెట్టింది. "నాకు కావలసింది ఇది. చెడ్డ కొలెస్ట్రాల్ నూట యాభై నుంచి అరవైకి దిగింది. మీ గుండెని కాపాడుతున్నది ఈ మాత్రే. ఆపకండి. ఆరు వారాలాగి లివరు పరీక్ష, పొట్ట స్కానింగు చేయిద్దాం."

నాకు బోధపడింది. గుడ్డకి కుట్టు దగ్గర వదులు ఉంచినట్టు ఒంటిక్కూడా ఉంచారని అనుకున్నాను. దారిలో అన్నయ్యకి అదే చెప్పాను. "నీ అందాజా నువ్వూ" అన్నాడు కానీ ఈసారి నవ్వలేదు.

ఆరు వారాల తర్వాత డెబ్బై నాలుగు. లివరుకి కాస్త కొవ్వు పట్టిందని స్కానింగులో కనబడింది. కామెర్లు తెచ్చే వైరస్‌లేవీ లేవని కూడా తేల్చారు. డాక్టరు ఊరటగా కుర్చీలో వెనక్కి వాలింది. "దిగుతోంది చూశారా? కొవ్వున్న లివరుకి ఈ మాత్ర వల్ల ప్రమాదమేమీ లేదు. బరువు తగ్గండి, రోజూ నడవండి. ఇంక ఈ పరీక్ష మాటిమాటికీ అక్కర్లేదు. నేను చెప్పిన లక్షణాలేమైనా వస్తే మాత్రం ఆ రోజే రండి."

"ఇంక చెక్ చెయ్యరా?" అన్నాడు అన్నయ్య. బుష్‌లన్నీ చూడకుండానే లారీ ఎక్కించమన్నట్టు చూశాడు ఆవిడని.

"అవసరమైతే చేస్తాం. మీకు మరీ మనసొప్పకపోతే డోసు తగ్గించి చూద్దాం, లేదా వేరే స్టాటిన్‌కి మారుద్దాం. ఒక్కటే మాట. నాకు చెప్పకుండా మాత్రం ఆపొద్దు."

"అలాగేనండీ" అన్నాడు.

మా అన్నయ్య అబద్ధమాడగా నేను అంతవరకూ చూడలేదు. అందుకని నమ్మాను. ఆవిడా నమ్మింది. ఇంటికెళ్లి వదినకి ఒక్క ముక్కలో చెప్పాడు: "వాడుకోమన్నారు."

ఆ తర్వాత ఇల్లు ఎప్పటిలాగే నడిచింది. పొద్దున టిఫిను, రెండు అరచేతుల్లో రెండు మాత్రలు, రెండు గ్లాసుల నీళ్లు. ఒక రోజు నేను కొట్టు తెరుస్తుంటే అన్నయ్య నవ్వు మొహంతో వచ్చాడు. తనంతట తనే ల్యాబుకెళ్లి పరీక్ష చేయించుకున్నాడట. లివరు పరీక్ష ఒక్కటే. కాగితం నా కుట్టు మిషను మీద పరిచాడు. ముప్ఫై ఆరు. బాణం గుర్తు లేదు, లావుపాటి అక్షరాలు లేవు.

"పాస్" అన్నాడు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "చెప్పిందిగా డాక్టరమ్మ, మాత్ర వాడుతుంటేనే దిగుతుందని!" అన్నాను. అన్నయ్య ఏదో అనబోయి ఆగాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, "టీ తాగుదాం రా" అన్నాడు. తనే డబ్బులిచ్చి ఇప్పించాడు. ఆ రోజంతా నాకు పని నల్లేరు మీద బండిలా సాగింది. వదిన సంతోషం సంగతి చెప్పక్కర్లేదు. తను వేళకి మాత్ర వెయ్యబట్టే లివరు కూడా దారికొచ్చిందని వాడకట్టంతా చెప్పుకుంది.

ఆ కాగితంలో కొలెస్ట్రాల్ లేదు. ఉండి ఉంటే డాక్టరు దాకా వెళ్లకపోయినా, పక్కన బాణం గుర్తు చూసి నేనైనా అడిగేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజొస్తే ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉందనేవాడు. ఆ పైన, రిటైర్మెంటు దగ్గర పడింది, అదయ్యాక తీరిగ్గా వెళ్దామనేవాడు. గుండె నొప్పి లేదు, ఆయాసం లేదు, పొద్దున్నే నడక, బరువు కూడా తగ్గాడు. అలా దగ్గర దగ్గర ఏడాది గడిచింది.

మళ్లీ వచ్చింది నొప్పి. ఈసారి ఇంట్లోనే, కూరగాయల సంచీ కింద పెడుతూ. నాకు కబురొచ్చి నేను పరిగెత్తేసరికి ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. ఒళ్లంతా చెమట. స్పృహ ఉంది. వదిన బయట సంతకాల దగ్గరుంది. అదే డాక్టరు వంగి గబగబా అడుగుతోంది.

"మాత్రలన్నీ వాడుతున్నారా? రక్తం పలచబడేవి? బీపీది?"

తలూపాడు.

"స్టాటిన్?"

అన్నయ్య ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "అది లేదండీ. డెబ్బై నాలుగు వచ్చిన దగ్గర్నుంచీ లేదు."

ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. నర్సుకి ఏవో చెబుతూ అటు తిరిగింది. "వదిన రోజూ చేతిలో పెట్టింది కదా!" అన్నాను.

"పెట్టేది" అన్నాడు. మాట్లాడ్డానికి కష్టపడుతున్నాడు. "వేళ్ల మధ్య పట్టుకుని నీళ్లు తాగేవాణ్ణి. జేబులో వేసుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్లేవాణ్ణి. ఎర్ర డబ్బాలో వేసేవాణ్ణి."

"ఎందుకన్నయ్యా?"

"నాన్న కళ్లే గుర్తొచ్చేవి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మీ వదినని మాత్రం ఆపమనలేదు. తన లివరు పరీక్షలో ఇరవై రెండే. తను పాసే." నా మణికట్టు పట్టుకున్నాడు. బుష్‌లు పట్టీ పట్టీ గట్టిపడిన వేళ్లు, అప్పుడు మాత్రం మెత్తగా ఉన్నాయి. "మీ వదినకి చెప్పకే. రోజూ ఎదురుగా కూర్చుని మోసం చేశానని తెలిస్తే కుమిలిపోతుంది."

"చెప్పను" అన్నాను. ఇంకేమంటాను?

లోపలికి తీసుకెళ్లారు. ఈసారి వేరే రక్తనాళం, అన్నిటికంటే పెద్దది. తెరిచారు కానీ ఆలస్యమైంది. గుండె కండ చాలా భాగం దెబ్బతింది. మర్నాటికి బీపీ నిలబడలేదు. మందులతో, యంత్రంతో నిలబెట్టారు. మా మాటలకి పలకడం మానేశాడు. అద్దం తలుపు అవతల నుంచి చూస్తే తెల్ల దుప్పటి కింద పాదాలు మాత్రం కనబడేవి.

ఆ మర్నాడు డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. "లివరు కూడా దెబ్బతింది" అని చెప్పింది. ఎస్‌జీపీటీ మూడు వేలు దాటింది. బిలిరుబిన్ పెరిగింది. రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతోంది, కిడ్నీలు కూడా మొరాయిస్తున్నాయి. గుండె రక్తాన్ని తోయలేకపోవడంతో లివరుకి రక్తం అందడం లేదని, అందుకే ఇలా అయిందని ఆవిడ విడమరిచి చెప్పింది. నేను మూడు వేలన్న దగ్గరే ఆగిపోయాను. ఎనభై రెండుకే మెట్ల మీద కూర్చుండిపోయిన మనిషి. ఇన్నాళ్లూ భయపడాల్సిన అంకె ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది, తెలిసేటప్పటికి దాన్ని చూసి భయపడ్డానికి తనకి స్పృహ లేదు. నేను లోపలికెళ్లినప్పుడు కింది రెప్ప లాగి చూశాను. పచ్చగా ఉంది.

ఆ సాయంత్రం మా అన్నయ్య పోయాడు. నాకు తోడబుట్టినవాడు పోయాడని రాస్తే ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

ఫ్యాక్టరీ నుంచి అందరూ వచ్చారు. మిషన్ల దగ్గరి కుర్రాళ్లు గోడకి తలలాన్చి ఏడ్చారు. వదిన మాత్రం ఏడవలేదు. గోడ వైపే చూస్తూ కూర్చుంది. నేను నా ఇంటికి తాళం వేసి తన దగ్గరే ఉండిపోయాను. ఒక పొద్దున టిఫిను పెట్టి తన మాత్రలు అందించాను. షుగరుది వేసుకుంది, బీపీది వేసుకుంది. మూడోది అలాగే పళ్లెం పక్కన పెట్టింది.

"ఇది వెయ్యను" అంది.

"ఎందుకు?"

"మీ అన్నయ్య లివరుని తిన్నది ఇదే కదా."

వదిన మెల్లగా, ఏదో లెక్క అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోయింది. "ముందు ఎనభై రెండన్నారు. తర్వాత తగ్గిందన్నారు. చివరికి మూడు వేలన్నారు. లివరు పోయిందన్నారు, విన్నావుగా. ఆయన మొదటే భయపడ్డారు. నేనే వినలేదు. రోజూ నా చేత్తో పెట్టానే. ఒక్క రోజు తప్పకుండా పెట్టాను. నోట్లో వేసుకునేదాకా ఎదురుగా కూర్చున్నాను. నా చేతులతో నేనే చంపుకున్నాను."

గుండె దెబ్బతినడం వల్ల లివరు దెబ్బతిందని డాక్టరు చెప్పిన మాటే నేను మళ్లీ చెప్పాను. ఆ మాత్ర వల్ల కాదన్నాను. తలూపింది, నమ్మలేదు. ఏం చెప్పినా "నా చేత్తో పెట్టానే" అన్న దగ్గరికే వచ్చి ఆగేది. మర్నాడూ మాత్ర పళ్లెం పక్కనే. ఆ మర్నాడూ అంతే. ఒక వారమంతా అలాగే గడిచింది. షుగరు ఉన్న మనిషి, బీపీ ఉన్న మనిషి.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. జనం తగ్గేదాకా కూర్చుని అడిగాను. వదినకి ఆ మాత్ర అవసరమేనా అంటే అవసరమే అంది. లివరు భయం పోవాలంటే ఒకసారి పరీక్ష చేయించి చూపించమంది. ఇంక ఒక ప్రశ్న మిగిలింది. అడగాలని లేదు, అడక్కుండా లేవలేకపోయాను.

"వేసుకుని ఉంటే మా అన్నయ్య బతికేవాడా అండీ?"

"ఖచ్చితంగా బతికేవారని చెప్పలేను. వేసుకునేవాళ్లకీ వస్తుంది. కానీ రాకుండా ఉండే అవకాశం పెరిగేది. ఆ మాత్రం చెప్పగలను." మళ్లీ తనే, "డోసు తగ్గిస్తానన్నాను. గుర్తుందా?" అంది. గుర్తుంది.

దారంతా అన్నయ్యతో పోట్లాడుకుంటూ నడిచాను. నా దగ్గర మాట తీసుకుని పోయావు, నీకిచ్చిన మాట నిలబెడితే నీ పెళ్లాం మిగలదు, ఏం చెయ్యమంటావు అని తిట్టాను. ఎదురొచ్చేవాళ్లు తప్పుకుని పోయారు. చచ్చిపోయినవాడి మీద కోపం వస్తే ఎక్కడ దించుకోవాలో తెలియదు. ఒక్క బుష్షు తేడా వస్తే మొత్తం పేర్చినవన్నీ మళ్లీ చూసే మనిషి, తన ప్రాణం సంగతి ఒక్క అంకెతో తేల్చేశాడు. ఎదురుగా కూర్చున్న మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఏడుపు వచ్చినా నడక ఆపలేదు.

మర్నాడు పొద్దున టిఫినయ్యాక వదిన రెండు మాత్రలు మింగి మూడోది పక్కన పెట్టింది. నేను తన ఎదురుగా, అన్నయ్య కూర్చునే చోట కూర్చున్నాను.

"వదినా, నువ్వు చంపలేదు."

"మళ్లీ మొదలుపెట్టకు."

"అన్నయ్య ఆ మాత్ర వేసుకోలేదు. ఏడాదిగా వేసుకోలేదు. తనే చెప్పాడు, ఆస్పత్రిలో. నువ్వు బయట సంతకాలు పెడుతున్నప్పుడు. నీకు చెప్పొద్దన్నాడు."

వదిన నన్ను చూస్తూ ఉండిపోయింది. పిచ్చి మాటలు మాట్లాడుతున్నాననుకుందేమో. "నా ముందే మింగేవారు" అంది.

"లేదు."

"రోజూ గ్లాసెత్తి తాగేవారే."

"నీళ్లే తాగేవాడు వదినా. మాత్ర వేళ్ల మధ్య ఉండేది. ఫ్యాక్టరీకి తీసుకెళ్లి పారేసేవాడు. ముప్ఫై ఆరు వచ్చిందే, అది కూడా మాత్ర లేకుండానే. నువ్వు కుమిలిపోతావని దాచాడు. నిన్ను ఆపమనలేదు. నీది పాసన్నాడు."

వదిన తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది. రోజూ మాత్ర పెట్టిన చెయ్యి. తర్వాత అది నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. అన్ని రోజులు గడ్డకట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. "ఎంత పని చేశారండీ, ఎంత పని చేశారండీ" అంటూ కుర్చీలోంచి జారి నేల మీద కూలబడింది. నేను పక్కన కూర్చుని పట్టుకున్నాను. ఇద్దరం ఒకరి భుజం ఒకరం తడిపేశాం. చాలాసేపటికి తలెత్తి అడిగింది, నేను భయపడుతున్న మాటే.

"వేసుకుని ఉంటే ఉండేవారా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ఇంట్లో అప్పటికే ఏడాది పాటు అబద్ధం కాపురముంది.

"ఉండేవాడేమో వదినా" అన్నాను.

వదిన తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి, బల్ల మీది మాత్ర తీసి నాలుక మీద పెట్టుకుని, గ్లాసులో నీళ్లన్నీ తాగింది. ఆ తర్వాత నా ముందుకి వచ్చి నోరు తెరిచింది. నాలుక పైకెత్తి, ఇటూ అటూ తిప్పి, చిన్నపిల్లలా చూపించింది. ఖాళీ అరచేతులు రెండూ కూడా చాపింది.

"చూడు. బాగా చూడు" అంది.

చూశాను. కన్నీళ్లకి ఏమీ కనబడలేదు. కనబడిందన్నాను.